యూనియన్‌తో కూర్చునే ముందు: వేతన చర్చలకు యాజమాన్యం కసరత్తు

ఫ్యాక్టరీల్లో శాశ్వత కార్మికుల జీతాలు సాధారణంగా మూడు నాలుగేళ్లకోసారి, యూనియన్‌కూ యాజమాన్యానికీ కుదిరే ఒప్పందంతో పెరుగుతాయి. కోర్కెల పత్రం, గేటు మీటింగులు, లేబర్ ఆఫీసులో వాయిదాలు అందరికీ కనిపిస్తాయి. అంతకు నాలుగైదు నెలల ముందే యాజమాన్యం తన గదిలో వేసుకునే లెక్క మాత్రం ఎవరికీ కనిపించదు. ఎంత ఇవ్వగలం, ఏ రూపంలో ఇవ్వాలి, ఎక్కడ ఆగాలి, ఆగినచోట అవతలివాళ్లు ఒప్పుకోకపోతే ఏం చేయాలి అన్న నాలుగు ప్రశ్నలకు కాగితం మీద జవాబు రాసుకున్న సంస్థ ఒకలా మాట్లాడుతుంది. రాసుకోని సంస్థ, నోటికొచ్చిన అంకె చెప్పి తర్వాత దాన్ని కాపాడుకోవడానికి తంటాలు పడుతుంది.

ఈ లెక్క ఎలా సాగుతుందో చూడటానికి ఒక ఊహా ఫ్యాక్టరీని తీసుకోవచ్చు. హైదరాబాద్ శివార్లలోని పారిశ్రామికవాడలో వాహనాల విడిభాగాలు చేసే మధ్యతరహా సంస్థ. శాశ్వత కార్మికులు 400 మంది, సగటు సర్వీసు 12 ఏళ్లు. ఏటా అమ్మకాలు 240 కోట్ల రూపాయలు. సగటు కార్మికుడికి నెలకు బేసిక్ 14,000, డీఏ 6,000, ఇంటి అద్దె భత్యం 5,000, ఇతర అలవెన్సులు 7,000, మొత్తం 32,000 రూపాయల జీతం. పాత ఒప్పందం గడువు ముగుస్తోంది. యూనియన్ ఈసారి 15,000 రూపాయల పెంపు అడిగింది. ఇక్కడి నుంచి వచ్చే అంకెలన్నీ ఈ ఊహా ఫ్యాక్టరీవే. లెక్క వేసే పద్ధతి మాత్రం పరిశ్రమల్లో నిజంగా వాడేదే.

వంద రూపాయలు వంద కాదు

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది, జీతంలో వంద రూపాయలు పెంచితే సంస్థకు నిజంగా ఎంత ఖర్చవుతుందన్నది. బేసిక్‌లో వంద పెరిగితే దాని వెంట పీఎఫ్ వాటా 12 రూపాయలు పెరుగుతుంది. ఈ ఫ్యాక్టరీ చట్టం చెప్పే 15,000 రూపాయల పరిమితి దగ్గర ఆగకుండా పూర్తి బేసిక్, డీఏ మీద పీఎఫ్ కడుతుంది. ఏడాది సర్వీసుకు 15 రోజుల వేతనం చొప్పున గ్రాట్యుటీ జమ కావాలి కాబట్టి దానికి మరో 4 రూపాయల 81 పైసలు. ఏటా 15 రోజుల సెలవులను డబ్బుగా మార్చుకునే వీలుంటే దానికీ అంతే. దసరాకి ఒక నెల బేసిక్, డీఏ ఇచ్చే ఆనవాయితీ ఉంటే 8 రూపాయల 33 పైసలు. ఓవర్‌టైముకు రెట్టింపు రేటు కట్టాలి. మనిషికి నెలకు సగటున 10 గంటల ఓటీ నడుస్తుంటే, నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటల లెక్కన ఇంకో 9 రూపాయల 62 పైసలు. అన్నీ కలిపితే వంద రూపాయల పెంపు సంస్థకు సుమారు 140 రూపాయలు పడుతుంది.

అదే వంద రూపాయలు ఇంటి అద్దె భత్యంలో పెడితే పీఎఫ్, గ్రాట్యుటీ, సెలవుల లెక్కలు కదలవు. ఓటీ మొత్తం జీతం మీద లెక్కగడుతున్న ఈ ఫ్యాక్టరీలో ఖర్చు 110 దగ్గర ఆగుతుంది. అంటే ఒకే వంద రూపాయలను ఏ గడిలో వేస్తున్నారన్న దాన్నిబట్టి ముప్పై రూపాయల తేడా వస్తోంది. చర్చల్లో యాజమాన్యం చేతికి దొరికే జాగా చాలావరకు ఈ తేడాలోనే ఉంటుంది.

ఈ కిటుకుకు హద్దులున్నాయి. పెంపునంతా అలవెన్సుల్లోకి నెట్టేసి చట్టం నుంచి తప్పించుకుందామంటే కుదరదు. అందరికీ ఒకేలా, క్రమం తప్పకుండా ఇచ్చే అలవెన్సులను పీఎఫ్ కోసం బేసిక్‌గానే చూడాలని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంటి అద్దె భత్యం చట్టంలోనే మినహాయింపు పొందింది కాబట్టి అది వేరు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతన కోడ్ ఇంకో గీత గీసింది. మినహాయింపు పొందే భత్యాలు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలోనే కలిపి లెక్కించాలి. మన ఫ్యాక్టరీలో 32,000లో బేసిక్, డీఏ కలిపి 20,000 ఉన్నాయి కాబట్టి ఇబ్బంది లేదు. కార్మికులు కూడా ఈ లెక్క తెలియనివాళ్లేమీ కాదు. రిటైర్‌మెంట్ దగ్గరపడ్డవాళ్లకు బేసిక్ పెరగాలి, ఎందుకంటే గ్రాట్యుటీ చివరి వేతనం మీద వస్తుంది. ముప్పైల్లో ఉన్నవాళ్లకు చేతికొచ్చే జీతం ముఖ్యం. యూనియన్ సభ్యుల్లో ఎవరి వయసెంత అన్న పట్టిక ఒక్కటి దగ్గరుంటే, బేసిక్ ఎంత, భత్యం ఎంత అన్న పంపకం మీద అవతలి నుంచి ఏ మాట వస్తుందో ముందే ఊహించవచ్చు.

గ్రాట్యుటీలో మరో మెలిక ఉంది. చాలా సంస్థలు దీన్ని సంతకం అయ్యాకే గుర్తిస్తాయి. గ్రాట్యుటీ చివరి వేతనాన్ని మొత్తం సర్వీసుతో గుణించి ఇచ్చేది. కాబట్టి ఈరోజు బేసిక్ పెంచితే రాబోయే ఏళ్లకే కాదు, గడిచిపోయిన 12 ఏళ్లకూ ఖర్చు పెరుగుతుంది. బేసిక్‌లో వెయ్యి రూపాయలు పెరిగితే సగటు కార్మికుడి పాత సర్వీసు మీద సుమారు 6,900 రూపాయల భారం అదనంగా పడుతుంది. 400 మందికి దాదాపు 28 లక్షలు. యాక్చువరీ దీన్ని నేటి విలువకు తగ్గించి చూపిస్తాడు కాబట్టి లెక్కల పుస్తకంలోకి ఎక్కే అంకె కొంత తక్కువ ఉంటుంది. అయినా ఇది నెలవారీ ఖర్చు పట్టికలో కనపడదు. అందుకని దీనికి విడిగా ఒక వరుస ఉండాలి, డైరెక్టర్ల నుంచి విడిగా అనుమతి ఉండాలి.

ఈ పద్ధతిలో లెక్కగడితే మన ఫ్యాక్టరీలో ఒక్కో కార్మికుడి మీద నెలకు 32,000 కాదు, 41,000 రూపాయలకు పైగా ఖర్చవుతోంది. 400 మందికి ఏడాదికి 19 కోట్ల 70 లక్షలు. చర్చలకు పునాది అంకె ఇదే. యూనియన్ అడిగిన 15,000 మొత్తం బేసిక్‌లో కలిపితే ఏడాదికి 10 కోట్లకు పైగా అదనం. సగటు చూసి ఊరుకోకుండా, ఏ గ్రేడులో ఎంతమంది, ఎవరు ఎప్పుడు రిటైరవుతారు అన్నవి కూడా పేరు పేరునా పట్టికలోకి ఎక్కిస్తేనే లెక్క నిలబడుతుంది. మూడేళ్లలో 30 మంది సీనియర్లు రిటైరై వాళ్ల స్థానంలో తక్కువ జీతంతో కొత్తవాళ్లు వస్తే మొత్తం ఖర్చు దానంతటదే దిగుతుంది.

ధరలు, పక్క ఫ్యాక్టరీలు, కొనుగోలుదారు

ఖర్చు తేలాక బయటి లెక్కలు. మొదటిది ధరలు. లేబర్ బ్యూరో దేశంలోని 88 పారిశ్రామిక కేంద్రాల నుంచి ధరలు సేకరించి, 2016ను వందగా పెట్టి, పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచీని ప్రతి నెలా ప్రకటిస్తుంది. అఖిల భారత అంకెతో పాటు హైదరాబాద్, గుంటూరు లాంటి కేంద్రాలకు విడి అంకెలుంటాయి. గత ఒప్పందం మొదలైన నెల సూచీని, ఇప్పటి సూచీని పక్కపక్కన పెడితే ధరలు ఎంత పెరిగాయో తెలుస్తుంది. మన ఫ్యాక్టరీలో సూచీ మూడేళ్లలో 14 శాతం పెరిగిందనీ, జీతం 26,000 నుంచి 32,000కు అంటే 23 శాతం పెరిగిందనీ అనుకుంటే, కార్మికుడి కొనుగోలు శక్తి పెరిగినట్టే. యాజమాన్యానికి ఇది గట్టి వాదన. అయితే 6,000 పెంపులో డీఏ రూపంలో వచ్చిన 1,200 ధరలకు పరిహారం తప్ప బహుమానం కాదని యూనియన్ అంటుంది. ఆ మాట న్యాయమైనదే. అందుకే డీఏతో వచ్చిందీ ఒప్పందంతో వచ్చిందీ విడదీసి చూపించడం మంచిది. కలిపి చూపించి దొరికిపోతే మిగతా అంకెల మీద కూడా నమ్మకం పోతుంది.

రెండోది పక్క ఫ్యాక్టరీల ఒప్పందాలు. ‘ఫలానా కంపెనీలో 11,000 ఇచ్చారు’ అన్న మాట ప్రతి గేటు మీటింగులోనూ వినిపిస్తుంది. ఇలాంటి అంకెలను ఒకే కొలతలోకి తెచ్చాకే పోల్చాలి. ఆ 11,000 మూడేళ్లకా, నాలుగేళ్లకా? మొదటి ఏడే మొత్తం వస్తుందా, విడతలుగా వస్తుందా? అందులో మామూలుగా పెరిగే డీఏ కలిసి ఉందా? సంస్థ కట్టే పీఎఫ్, ఇన్సూరెన్సు ప్రీమియం కూడా కలిపి సీటీసీ చెప్పారా? దానికి బదులుగా ఉత్పత్తి ఎంత పెంచుతామని రాసిచ్చారు? అక్కడ శాశ్వత కార్మికులు ఎంతమంది, కాంట్రాక్టు వాళ్లు ఎంతమంది? లేబర్ అధికారి సమక్షంలో కుదిరిన ఒప్పందాల ప్రతులు, స్థానిక పరిశ్రమల సంఘం దగ్గరున్న వివరాలు, ఇతర సంస్థల హెచ్‌ఆర్ అధికారులతో పరిచయాలు ఈ సమాచారానికి దారులు. ఐదారు ఒప్పందాలను ఏడాదికి, మనిషికి, పూర్తి ఖర్చు అన్న ఒకే గీటురాయి మీద పెట్టి చూస్తే 11,000గా ప్రచారమైనది 7,500గా తేలడం అరుదేమీ కాదు.

పోలిక విషయంలో చట్టపరమైన నేపథ్యం కూడా ఉంది. న్యాయమైన వేతనం కనీస వేతనానికీ జీవన వేతనానికీ మధ్య ఉంటుందనీ, దాన్ని నిర్ణయించేటప్పుడు ఆ ప్రాంతంలో ఆ పరిశ్రమకున్న చెల్లింపు శక్తిని చూడాలనీ 1958లో ఎక్స్‌ప్రెస్ న్యూస్‌పేపర్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కనీస వేతనం దగ్గర మాత్రం చెల్లింపు శక్తి వాదన పనికిరాదు. అది కూడా ఇవ్వలేని సంస్థకు నడిచే హక్కే లేదని 1957లో క్రౌన్ అల్యూమినియం కేసులో స్పష్టం చేసింది.

ఇక మూడోది కొనుగోలుదారుడి వైఖరి. వాహన కంపెనీలు విడిభాగాల సరఫరాదారుకు ఉక్కు ధర పెరిగితే సర్దుబాటు చేస్తాయి గానీ, జీతాలు పెరిగాయంటే సాధారణంగా ధర పెంచవు. పైగా ఏటేటా ధర కొంత తగ్గించమని అడుగుతాయి. కాబట్టి ఈ రంగంలో వేతన పెంపు లాభం నుంచి రావాలి, లేకపోతే ఉత్పాదకత నుంచి రావాలి. షిఫ్టుకు మనిషికి ఎన్ని ముక్కలు వస్తున్నాయి, అందులో యంత్రం మారినందువల్ల పెరిగిందెంత, మనిషి పనివల్ల పెరిగిందెంత అన్నది లైను వారీగా రాసుకోవాలి. కొత్త యంత్రం తెచ్చిన పెరుగుదలను కార్మికుల ఖాతాలో వేయలేదని యూనియన్, కార్మికుల పనితనాన్ని యంత్రం ఖాతాలో వేశారని ఇంకో యూనియన్ గొడవపడే చోటు ఇదే.

హద్దు ఎక్కడ

పిండి కొద్దీ రొట్టె అన్నట్టు, హద్దు ముందుగా చెల్లింపు శక్తి నుంచి రావాలి. దాన్ని ‘నెలకు ఇన్ని వేలు’ అని కాకుండా ‘మూడో ఏట మొత్తం అదనపు ఖర్చు ఇన్ని కోట్లు’ అని రాసుకోవడం తెలివైన పని. మన ఫ్యాక్టరీ డైరెక్టర్లు మూడో ఏట 6 కోట్లు దాటకూడదని నిర్ణయించారనుకుందాం. అంటే మనిషికి నెలకు 12,500 ఖర్చు. మొత్తం బేసిక్‌లో ఇస్తే కార్మికుడికి చెప్పగలిగే పెంపు 8,900. అరవై శాతం బేసిక్‌లో, నలభై శాతం అద్దె భత్యంలో ఇస్తే అదే 6 కోట్లతో 9,750 చెప్పవచ్చు. సంస్థ ఒక్క రూపాయి ఎక్కువ పెట్టకుండానే బల్ల మీద 850 రూపాయల జాగా దొరికింది. హద్దును నెలవారీ అంకెగా రాసుకున్నవాళ్లకు ఈ జాగా కనిపించదు.

విడతల పంపకం కూడా ఇలాంటిదే. మూడేళ్లలో 9,000 పెంపును 60, 20, 20 శాతంగా ఇస్తే మూడేళ్లలో ఒక్కో కార్మికుడికి అందేది 2,59,200 రూపాయలు. 40, 30, 30గా ఇస్తే 2,26,800. పత్రికల్లో పడే అంకె రెండింటికీ 9,000 రూపాయలే. కానీ 400 మందికి జీతంలోనే సుమారు కోటీ 30 లక్షల తేడా ఉంది. మూడో ఏట చివర జీతం రెండు దారుల్లోనూ ఒకటే కాబట్టి, తర్వాతి ఒప్పందానికి పునాది మారదు. అందుకని విడతలను యాజమాన్యం చివరి దాకా తన దగ్గర దాచుకుని, ఒప్పందం ఆగిపోయేలా ఉన్నప్పుడు వదలడం రివాజు.

రెండో హద్దు, ఒప్పందం కుదరకపోతే జరిగే నష్టం నుంచి వస్తుంది. ఈ ఫ్యాక్టరీ ఏడాదికి 300 రోజులు నడుస్తుంది. రోజుకు అమ్మకం 80 లక్షలు. ముడిసరుకు, కరెంటు వంటివి పోగా మిగిలేది 30 శాతమైతే, ఒక రోజు ఆగితే 24 లక్షలు పోతాయి. పని లేనిరోజు వేతనం లేదు కాబట్టి అందులో 6 లక్షల 60 వేలు మిగులుతాయి. నికర నష్టం రోజుకు 17 లక్షల పైచిలుకు. గోదాములో ఎనిమిది రోజుల సరుకుంటే మొదటి ఎనిమిది రోజులు కొనుగోలుదారుడికి ఏమీ తెలియదు. తొమ్మిదో రోజు నుంచి అతని లైను ఆగుతుంది. జరిమానా ఒక ఎత్తయితే, అతను ఆర్డర్‌లో సగం మరో సరఫరాదారుకు మళ్లించడం ఇంకో ఎత్తు. మళ్లిన ఆర్డరు తిరిగిరావడం కష్టం.

ఇప్పుడు రెండు లెక్కలను ఎదురెదురుగా పెట్టవచ్చు. బేసిక్‌లో వెయ్యి రూపాయలు ఎక్కువ ఇస్తే సంస్థకు ఏడాదికి 67 లక్షలు, మూడేళ్లకు రెండు కోట్లు. ఇది సుమారు పన్నెండు రోజుల సమ్మె నష్టంతో సమానం. కాబట్టి చివరి వెయ్యి రూపాయల కోసం నెల రోజుల సమ్మెను భరించడం ఈ ఒప్పందం వరకూ గిట్టదు. కానీ ఆ వెయ్యి మూడేళ్లతో పోదు, జీతంలో ఉండిపోతుంది. పైగా నోటీసు ఇస్తే చాలు వెయ్యి వస్తుందని తెలిస్తే వచ్చేసారి ఆ నోటీసు ముందే వస్తుంది. లెక్క దారి చూపిస్తుంది, నిర్ణయం మాత్రం డైరెక్టర్లే తీసుకోవాలి.

యూనియన్ వైపు లెక్కనూ యాజమాన్యమే వేసుకోవాలి. సమ్మెలో కార్మికుడికి రోజుకు 1,230 రూపాయలు పోతాయి. ఇరవై రోజులైతే దాదాపు 24,600. నెలకు వెయ్యి ఎక్కువ సాధించుకున్నా ఆ నష్టం తీరడానికి రెండేళ్లు పడుతుంది. బడి ఫీజులు కట్టే జూన్‌లో సమ్మె నడపడం కష్టం, దసరా బోనస్ చేతికొచ్చాక తేలిక. యూనియన్ ఎన్నికలు దగ్గరపడితే నాయకుడు తక్కువకు సంతకం పెట్టలేడు. వీటన్నిటికీ డబ్బు లెక్క కంటే తేదీల లెక్క ముఖ్యం.

చట్టం కూడా గడువులు పెడుతోంది. పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం 14 రోజుల ముందు నోటీసు లేకుండా సమ్మె చేయరాదు. రాజీ ప్రక్రియ నడుస్తున్నన్నాళ్లూ, అది ముగిశాక ఏడు రోజుల వరకూ సమ్మె కుదరదు. సగం మంది గానీ అంతకు మించి గానీ కూడబలుక్కుని ఒకేరోజు క్యాజువల్ లీవు పెట్టినా అది సమ్మె కిందికే వస్తుంది. ఎవరితో మాట్లాడాలన్నదీ ఇదే కోడ్ చెబుతోంది. 51 శాతం సభ్యత్వమున్న యూనియన్ ఉంటే దానితోనే మాట్లాడాలి. అంత బలం ఎవరికీ లేకపోతే, 20 శాతానికి తగ్గకుండా సభ్యులున్న యూనియన్ల ప్రతినిధులతో చర్చల మండలి ఏర్పడాలి. సభ్యత్వం తేల్చుకోకుండా అనుకూలంగా ఉన్న యూనియన్‌తో ఒప్పందం చేసుకుంటే అది సంతకం ఆరకముందే వివాదంలో పడుతుంది.

వరసగా ఉంచుకునే ప్రతిపాదనలు

హద్దు తేలాక మొదటి ప్రతిపాదన, మధ్య ప్రతిపాదనలు, ఆఖరిది అన్నీ ముందే రాసుకోవాలి. మన ఫ్యాక్టరీ మొదట 5,500తో మొదలుపెడుతుంది. ఈ అంకెకు వెనక ఒక కారణం ఉండాలి. ఇక్కడ ధరల సూచీ ప్రకారం 4,500, ఉత్పత్తి పెరుగుదల నుంచి వెయ్యి. కారణం లేని తక్కువ అంకె చెబితే యూనియన్ దాన్ని అవమానంగా తీసుకుంటుంది, గేటు దగ్గర చదివి వినిపిస్తుంది. తర్వాతి మెట్టు 7,500, 40-30-30 విడతలతో, షిఫ్టు ఉత్పత్తి 8 శాతం పెంచాలన్న షరతుతో. ఆ తర్వాత 8,600, భత్యాల వాటా పెంచి. ఆఖరిది 9,300 దగ్గర.

మెట్టు మెట్టుకూ ఇచ్చే పెంపు తగ్గుతూ పోవాలి. మొదటి కదలిక 2,000, తర్వాత 1,100, ఆపైన 700. ఇలా తగ్గితే అవతలివాళ్లకు హద్దు దగ్గరపడిందని మాటల్లేకుండానే తెలుస్తుంది. ఆఖర్లో ఒక్కసారిగా 2,000 పెంచిన యాజమాన్యం ‘ఇక లేదు’ అంటే ఎవరూ నమ్మరు. అలాగని మొదటి రోజే ఆఖరి అంకె చెప్పి కదలకపోవడమూ పనిచేయదు. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ తరఫున లెమ్యూల్ బౌల్వేర్ ఈ పద్ధతినే నడిపాడు. బాగా పరిశోధించి ఒకే న్యాయమైన ప్రతిపాదన పెట్టడం, దాన్ని కార్మికులకు నేరుగా ప్రచారం చేయడం, చర్చల్లో కదలకపోవడం. 1960 నాటి చర్చల మీద వచ్చిన ఫిర్యాదులో అది సద్బుద్ధితో చేసిన బేరం కాదని అక్కడి లేబర్ బోర్డు 1964లో తేల్చింది. మన చట్టం కూడా సద్బుద్ధితో చర్చలు జరపకపోవడాన్ని అక్రమ కార్మిక పద్ధతుల్లో చేర్చింది. చట్టం మాట అటుంచినా, యూనియన్ నాయకుడు సభ్యుల ముందుకు ఏదో ఒకటి సాధించుకుని వెళ్లాలి. ఆ సాధించే అవకాశాన్ని ప్రతిపాదనల వరసలోనే దాచి ఉంచాలి.

డబ్బు కాని అంశాలు ఇక్కడ అక్కరకొస్తాయి. తల్లిదండ్రులకు కూడా వర్తించే మెడిక్లెయిమ్‌కు కుటుంబానికి ఏటా 6,000 ప్రీమియం అయితే మొత్తం 24 లక్షలు. అదే విలువను నెలకు 500గా బేసిక్‌లో ఇస్తే 33 లక్షల పైన. కార్మికుడి దృష్టిలో మాత్రం తల్లిదండ్రుల ఆసుపత్రి ఖర్చు 500 కంటే పెద్దది. ఇందులో ఒక ఉచ్చు ఉంది. క్లెయిములు పెరిగితే వచ్చే ఏడాది ప్రీమియం పెరుగుతుంది. అందుకని ఒప్పందంలో బీమా మొత్తాన్ని కాక సంస్థ కట్టే ప్రీమియానికి గరిష్ఠ పరిమితిని రాయాలి. క్యాంటీన్ రేటు, బస్సు రూటు, పండగ అడ్వాన్సు లాంటివి చిన్న ఖర్చుతో తేలేవే. కానీ ‘క్యాంటీన్ భోజనం ధర ఎప్పటికీ పెంచము’ అని రాసిచ్చిన సంస్థలు ఇరవై ఏళ్ల తర్వాత కూడా దాన్ని మోస్తుంటాయి.

ప్రతి ప్రతిపాదనా ముడివేసి పెట్టాలి. ‘ఉత్పత్తి 8 శాతానికి ఒప్పుకుంటే 7,500. ఒప్పుకోకపోతే అది బల్ల మీద లేనట్టే’ అని ప్రతి సమావేశం నోట్సులో రాయాలి. అలా రాయకపోతే డబ్బు ఖాయమైపోయి, ఉత్పత్తి మాట విడిగా మిగిలిపోతుంది. చర్చలు విఫలమై వివాదం ట్రైబ్యునల్‌కు వెళ్తే, యాజమాన్యం ఒప్పుకున్న ఆఖరి అంకె నుంచే అక్కడ వాదన మొదలవుతుంది. ఉత్పత్తి షరతు నోట్సులో లేకపోతే ఆ అంకె ఒంటరిగా నిలబడిపోతుంది. ‘ఇవ్వలేం’ అన్న మాటను కూడా ఆచితూచి వాడాలి. ఆర్థిక స్తోమత లేదని వాదించే సంస్థే దాన్ని ఖాతా పుస్తకాలతో రుజువు చేయాలి. లాభాలు చూపిస్తూ ‘ఇవ్వలేం’ అంటే నిలవదు. ‘ఇంతకు మించి ఇస్తే ఈ లైనుకు కొత్త యంత్రం రాదు’ అనడం నిజమైతే అదే చెప్పడం మేలు.

చర్చలకు వెళ్లే జట్టులో మేనేజింగ్ డైరెక్టర్ ఉండకపోవడం మంచిది. అవునో కాదో అక్కడికక్కడే చెప్పగలిగిన మనిషి ఎదురుగా ఉంటే ‘పైవాళ్లను అడిగి చెప్తాం’ అన్న వెసులుబాటు పోతుంది. హెచ్‌ఆర్ అధిపతి మాట్లాడాలి, ప్రొడక్షన్ అధికారి ఉత్పత్తి లెక్కలు చూసుకోవాలి, ఫైనాన్స్ నుంచి ఒకరు ప్రతి కొత్త మాటకు పట్టికలో ఖర్చు కట్టి చెప్పాలి. ఆఖరి అంకె ముగ్గురు నలుగురికి మించి తెలియకూడదు. అది బయటికి పొక్కిందనడానికి గుర్తు ఒకటుంది. 15,000 నుంచి మెల్లగా దిగుతున్న యూనియన్ హఠాత్తుగా 9,500 దగ్గర ఆగి అక్కడ నుంచి కదలదు.

గచ్చు మీద కనిపించే సూచనలు వేరు. సమ్మె నోటీసుకు చాలా ముందే ఓటీకి రానంటారు. ఆ తర్వాత ఏ లైనులోనూ యంత్రం చెడకుండానే షిఫ్టు ఉత్పత్తి పది శాతం పడిపోతుంది. ఇవి రోజువారీ లెక్కల్లో కనిపించగానే ప్రతిపాదనల తేదీలను ముందుకు జరపాలి. మరోవైపు యాజమాన్యం చేసే పొరపాట్లూ ఉంటాయి. చర్చలు నడుస్తుండగానే మేనేజర్లకు ఇంక్రిమెంట్లు ప్రకటించడం, సూపర్‌వైజర్లు ‘పది వేలకు తక్కువ కాదులే’ అని లైను మీద హామీలివ్వడం. అలాంటి హామీ ఒక్కసారి నోరు జారితే, అదే యూనియన్‌కు కనీస అంకె అవుతుంది.

చర్చలు సాగదీస్తే బకాయిలు పెరుగుతాయి. బొగ్గు పరిశ్రమలో, సింగరేణికీ వర్తించే పదకొండో వేతన ఒప్పందం 19 శాతం కనీస ప్రయోజనంతో 2023 మే నెలలో కుదిరింది. అమలు మాత్రం 2021 జులై 1 నుంచి. అంటే దాదాపు రెండేళ్ల బకాయిలు ఒక్కసారిగా చెల్లించాల్సి వచ్చింది. మన ఊహా ఫ్యాక్టరీలో మొదటి విడత సగమైతే, ఆలస్యమయ్యే ప్రతి నెలకూ సుమారు 24 లక్షలు ఖాతాల్లో పక్కన పెట్టాలి. పెట్టకపోతే సంతకం అయిన త్రైమాసికంలో లాభం ఒక్కసారిగా కుంగుతుంది.

ఆ ఫ్యాక్టరీ ఒప్పందం చివరికి 9,300 దగ్గర కుదిరిందనుకుందాం. అందులో 5,600 బేసిక్‌లో, 3,700 అద్దె భత్యంలో, దానికి తోడు మెడిక్లెయిమ్. మూడో ఏట ఖర్చు జీతాల కింద 5 కోట్ల 72 లక్షలు, మెడిక్లెయిమ్ 24 లక్షలు, మొత్తం 5 కోట్ల 96 లక్షలు. డైరెక్టర్ల హద్దు 6 కోట్లకు నాలుగు లక్షలు తక్కువ. పాత సర్వీసు గ్రాట్యుటీ భారం కోటీ 55 లక్షలు విడి ఖాతాలో. ఇలాంటి ఒప్పందాన్ని ఇద్దరి మధ్యే సంతకం చేసుకుంటే అది సంతకం చేసిన పక్షాలనే కట్టిపడేస్తుంది. పాతకాలపు వాడుకలో ‘ట్వెల్వ్ త్రీ’ అనే పద్ధతిలో రాజీ అధికారి సమక్షంలో చేసుకుంటే యూనియన్‌లో లేని కార్మికులకూ, తర్వాత చేరేవాళ్లకూ వర్తిస్తుంది. ఒకటికి మించి యూనియన్లున్న ఫ్యాక్టరీ యాజమాన్యం రెండో దారినే ఎంచుకోవాలి.